ఎక్స్‌రే తెలిశాక క్షయ, పొగతాగడం వేరుపడే ఉంటాయా?

ఎంటెక్ విద్యార్థి: లారిట్జెన్, స్పీగెల్‌హాల్టర్ 1988 నాటి పత్రంలో ఇచ్చిన ‘ఆసియా’ బేసియన్ నెట్‌వర్క్‌లో ఎక్స్‌రే ఫలితం (X) ఒక్కటే తెలిస్తే, క్షయ (T), పొగతాగడం (S) పరస్పరం స్వతంత్రమేనా? మా తరగతిలో రెండు వాదనలున్నాయి. A ఆసియా ప్రయాణం, L ఊపిరితిత్తుల క్యాన్సర్, B బ్రాంకైటిస్, D ఆయాసం. E అంటే క్షయ, క్యాన్సర్‌లలో కనీసం ఒకటి ఉండటం.

```
A -> T -> E <- L <- S -> B
E -> X,  E -> D <- B
```

గీతల లెక్క: స్వతంత్రమే. T నుంచి S వరకు రెండే దారులున్నాయి. ఒకటి E, L మీదుగా, రెండోది E, D, B మీదుగా వెళ్తుంది. మొదటి దారిలో E దగ్గర, రెండో దారిలో D దగ్గర బాణాలు ఎదురెదురుగా వచ్చి కలుస్తాయి. అటువంటి కూడలిని గమనించనంత వరకు దారి మూసుకునే ఉంటుంది. మనకు తెలిసింది X మాత్రమే. E గానీ D గానీ తెలియదు.

పాత పాఠకుడు: మీరు చెప్పిన నియమంలో సగం సరైనది, మిగతా సగం ఇక్కడ వదిలేశారు. కూడలిని నేరుగా చూడకపోయినా, దాని నుంచి బయలుదేరిన బాణాల వెంట దిగువనున్న ఏ నోడ్ తెలిసినా దారి తెరుచుకుంటుంది. X అనేది E కి పిల్ల నోడ్. ఎక్స్‌రేలో తేడా కనిపించిందంటే E గురించి మనకు కొంత తెలిసినట్టే. ఆ పత్రంలోని పట్టికలతోనే లెక్క వేసి చూడండి. ఏమీ తెలియనప్పుడు క్షయ సంభావ్యత 1.04 శాతం, మనిషి పొగతాగినా తాగకపోయినా అంతే. ఎక్స్‌రేలో తేడా ఉందని తెలిశాక అది సుమారు 9.2 శాతానికి పెరుగుతుంది. ఆపైన అతడు పొగతాగుతాడని తెలిస్తే 6.7కి దిగుతుంది, తాగడని తెలిస్తే 14.8కి ఎక్కుతుంది. పొగతాగేవాడి ఎక్స్‌రే మచ్చకు క్యాన్సర్ అనే మరో కారణం సిద్ధంగా ఉంది కాబట్టి క్షయ మీద అనుమానం తగ్గుతుంది. తాగనివాడి విషయంలో ఆ కారణం బలహీనం కాబట్టి అనుమానమంతా క్షయ వైపు మళ్లుతుంది. రెండో దారి D దగ్గర ఇప్పటికీ మూసే ఉంది, అందులో మీ మాట నిజం. కానీ ఒక్క దారి తెరుచుకున్నా స్వతంత్రత పోతుంది. Rలో బేసియన్ నెట్‌వర్క్‌ల ప్యాకేజీ bnlearn ఉంటే సరిచూడవచ్చు, dsep TRUE ఇస్తే దారులన్నీ మూసి ఉన్నట్టు:

```r
library(bnlearn)
dag <- model2network(
  "[A][S][T|A][L|S][B|S][D|B:E][E|T:L][X|E]")
dsep(dag, "T", "S")       # TRUE
dsep(dag, "T", "S", "X")  # FALSE
```

ఛాతీ వార్డు: నిజ జీవితంలో పొగతాగేవారికి క్షయ ముప్పు ఎక్కువ కదండీ, అప్పుడు ఈ ప్రశ్నే తప్పు కాదా? ఇంకో సంగతి. మేం ఒకసారి ఎక్స్‌రేలో తేడా ఉన్నవారి రికార్డులు మాత్రమే ఏరి చూస్తే, పొగతాగనివారిలోనే క్షయ శాతం ఎక్కువగా కనిపించింది. పొగ క్షయను ఆపుతోందేమోనని మాలో ఒకరు రాయబోయారు కూడా.

పాత పాఠకుడు: మీరు చెప్పిన ముప్పు నిజమేనండీ, దాన్ని గీయాలంటే S నుంచి T కి బాణం చేర్చాలి, అప్పుడు ఎక్స్‌రే లేకుండానే రెండూ కలిసిపోతాయి. కానీ అడిగినది ఈ బొమ్మ గురించి, ఈ బొమ్మలో ఆ బాణం లేదు. మీ రికార్డుల సంగతి మాత్రం సరిగ్గా ఈ ప్రశ్నే. ఎక్స్‌రేలో తేడా ఉన్నవారినే ఏరడం అంటే X ని గమనించడమే. పొగ నిజంగా క్షయ ముప్పు పెంచుతున్నా, క్యాన్సర్ ముప్పును అంతకన్నా బాగా పెంచితే, ఏరిన గుంపులో సంబంధం తలకిందులుగా కనబడవచ్చు. ఎక్స్‌రే మామూలుగా ఉన్నవారిని కూడా కలిపి చూస్తే ఈ తలకిందుల సంబంధం నిలుస్తుందో లేదో తేలుతుంది.

గీతల లెక్క: దిగువ నోడ్ విషయంలో నాదే పొరపాటు, ఒప్పుకుంటున్నాను. కానీ మీరు బొమ్మ ఒక్కటి చాలంటే ఒప్పుకోలేను. T, L రెండూ తెలిశాయనుకోండి. X, D ల మధ్య E మీదుగా దారి తెరిచే ఉందని బొమ్మ అంటుంది, మీ `dsep` కూడా FALSE ఇస్తుంది. కానీ ఈ నెట్‌వర్క్‌లో T, L తెలిస్తే E ఖచ్చితంగా తేలిపోతుంది, అందువల్ల X, D స్వతంత్రమే.

పాత పాఠకుడు: లెక్క సరైనదే. దారులన్నీ మూసి ఉంటే స్వతంత్రత ఉంటుందని బొమ్మ హామీ ఇస్తుంది, తెరిచి ఉంటే సంబంధం తప్పక ఉంటుందని మాత్రం కాదు. అయినా ‘వేరుపడ్డాయి’ అన్న మాటను నేను బాణాలకే పరిమితం చేస్తాను, ఎందుకంటే E పట్టికలో 1 బదులు 0.99 పెడితే మీ స్వతంత్రత పోతుంది.

గీతల లెక్క: E అనేది నిర్వచనం, కొలత కాదు, అక్కడ 0.99 ఎప్పటికీ రాదు. అటువంటి నోడ్‌ను రెండు గీతల వృత్తంతో గీసి, దాని నిర్ణయాన్ని కూడా దారులు చదివే నియమంలో చేర్చాలన్నదే నా వాదన.

ఎంటెక్ విద్యార్థి: T, S ల సంగతి తేలింది, ధన్యవాదాలు. X, D ల ప్రశ్నను రెండు జవాబులతోనూ మా తరగతిలో పెడతాను.