అప్‌డేట్: డీఏ అరియర్స్ లెక్క తేలింది

నా ప్రశ్న: "హైదరాబాద్‌లో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగిని, బేసిక్ 35,400. 2025 జనవరి నుంచి డీఏ 53 నుంచి 55 శాతం అయింది. గ్రాస్ 70,290 మీద 2 శాతం చొప్పున మూడు నెలలకు సుమారు 4,200 రావాలి కదా? 2,056 మాత్రమే పడింది. ఎక్కడ పోయింది?"

ఎక్కడికీ పోలేదండీ, నా లెక్కే తప్పు. మీరు చెప్పినట్టే అరియర్స్ స్టేట్‌మెంట్ తీయించి చూశాను. 2 శాతం పెరిగేది బేసిక్ మీదే, గ్రాస్ మీద కాదు. అంటే నెలకు 708, మూడు నెలలకు 2,124. హెచ్‌ఆర్‌ఏ మారలేదు. అది డీఏ 50 శాతం తాకినప్పుడే 30 శాతానికి పెరిగిపోయింది.

ట్రాన్స్‌పోర్ట్ అలవెన్స్ మీద కూడా డీఏ ఉంటుందని నేను మర్చిపోయాను. నాకు 3,600 కాబట్టి నెలకు 72 పెరగాలి. కానీ రెండు నెలలకే, 144 ఇచ్చారు. ఇది మాత్రం బిల్ సెక్షన్ పొరపాటే అనుకుని కాస్త గట్టిగానే అడిగాను. తీరా చూస్తే ఫిబ్రవరి అంతా నేను సెలవులో ఉన్నాను! నెల మొత్తం సెలవైతే ఆ అలవెన్సే రాదు, ఇక దాని మీద డీఏ ఎక్కడిది?

మొత్తం 2,268. అందులో ఎన్‌పీఎస్‌కు బేసిక్, డీఏల మీద 10 శాతం కోత ఉంటుంది కనుక డీఏ తేడా 2,124 మీద 212 పోయింది. మిగిలింది 2,056, రూపాయితో సహా సరిపోయింది.

ఏప్రిల్ జీతంలో 780 పెరిగి, ఎన్‌పీఎస్ కోత 71 పోగా చేతికి 709 ఎక్కువ వచ్చింది. బిల్ సెక్షన్ ఆయనకు సారీ చెప్పి, టీ కూడా ఇప్పించాను.