మ్యాచ్ కట్ దగ్గర కనిపిస్తున్న కుదుపును ఎలా సరిచేయాలి?

నేను సెకనుకు 24 ఫ్రేముల చొప్పున ఒక చిన్న యానిమేషన్ చిత్రం చేస్తున్నాను. అందులో నేలమీద దొర్లుతూ వచ్చిన బంతి తెర మధ్యకు చేరగానే, తరువాతి షాట్‌లో అదే చోట, అదే పరిమాణంలో తిరుగుతున్న బండి చక్రం కనిపించాలి. రెండు వృత్తాల అంచులను ఒకదానిపై ఒకటి పెట్టి చూసుకున్నాను; అవి సరిగ్గా కలుస్తున్నాయి. అయినా ఆడించి చూస్తే కట్ దగ్గర స్పష్టమైన కుదుపు తెలుస్తోంది.

ఫ్రేమ్ తరువాత ఫ్రేమ్ పరిశీలిస్తే నాకు రెండు అనుమానాలు కలిగాయి. బంతి కట్‌కు ముందు 6 ఫ్రేములలో నెమ్మదించి దాదాపు ఆగిపోతోంది, చక్రం మాత్రం మొదటి ఫ్రేమ్ నుంచే పూర్తి వేగంతో తిరుగుతోంది. పైగా బంతి షాట్‌లో ఒక్కొక్క బొమ్మ రెండు ఫ్రేములు నిలుస్తుండగా, చక్రానికి ప్రతి ఫ్రేముకూ కొత్త బొమ్మ గీశాను.

కుదుపును దాచడానికి 8 ఫ్రేముల డిజాల్వ్ వేసి చూశాను కానీ, గీతలు రెండింతలై కనిపించడమే కాక, కాలం గడిచిందన్న అర్థం వచ్చింది. కథలో ఆ రెండు క్షణాలూ ఒకటే. నలుపులోకి ఫేడ్ చేస్తే పోలికే పోతుంది కనుక ఆ ఆలోచన మానుకున్నాను.

బంతి నెమ్మదించకముందే, అంటే ఆ 6 ఫ్రేములను తీసేసి, కదలిక మధ్యలోనే కట్ చేయడం సరైనదేనా? లేక చక్రాన్ని కూడా నెమ్మదిగా మొదలుపెట్టి వేగం పెంచాలా? చక్రపు మొదటి కొన్ని బొమ్మలనైనా రెండేసి ఫ్రేములు నిలపడం అవసరమా? ఇటువంటి కట్ చేసినవారు దయచేసి తెలుపగలరు.