లేబుళ్లు సరిచేస్తుంటే తప్పు బయటపడింది: గైడ్‌కు రాసే లేఖలో ఎంత చెప్పాలి?

భూజల విద్యార్థిని, హనుమకొండ

నా థీసిస్ నాలుగో అధ్యాయంలో మూడు పటాల లేబుళ్లు అర్థం కావడం లేదని మా గైడ్ మేడం పెన్సిల్‌తో రాసి తిరిగి ఇచ్చారు. వాటిని సరిచేస్తున్నప్పుడు, మేడం ఏమీ అనని నాలుగో పటంలో క్యాప్షన్ తప్పని నాకే తెలిసింది. ఎర్రర్ బార్లు స్టాండర్డ్ డీవియేషన్ అని రాశాను, కానీ గీసింది స్టాండర్డ్ ఎర్రర్. సవరణల లేఖలో అడిగిన మూడింటి గురించే రాయాలా, ఇది కూడా రాయాలా? రాస్తే ఎక్కడ రాయాలి?

కాజీపేట వాసి

అడిగిన వాటికే లేఖలో జవాబు చెప్పండి. నాలుగో పటం సంగతి ముందుగా మేడం గదికి వెళ్లి, ఎదురుగా కూర్చుని చెప్పడం మేలు. లేఖ ఫైలులో ఉండిపోతుంది, రేపు ఎవరు ఏ ఉద్దేశంతో తిరగేస్తారో మనకు తెలియదు. నేను దాచమనడం లేదు, మొదటిసారి కాగితం మీద చదివి తెలుసుకునే పరిస్థితి ఆమెకు రాకూడదని అంటున్నాను.

గణాంకశాస్త్రం బోధించేవాడిని, కరీంనగర్

ఇందులో చర్చించడానికి ఏమీ లేదు. స్టాండర్డ్ ఎర్రర్ బార్లు వేయడమంటే తేడాలను చిన్నవిగా చూపించడమే, కాబట్టి ఎప్పుడైనా స్టాండర్డ్ డీవియేషనే వేయాలి. బార్లు మార్చి గీయండి, క్యాప్షన్ ఎలాగూ సరిగానే ఉంది కదా, లేఖలో ‘పటం 4.4 మళ్లీ గీశాను’ అని ఒక్క వాక్యం రాస్తే సరిపోతుంది.

విశ్రాంత అధ్యాపకుడు, వరంగల్

అమ్మా, సలహా చెప్పే ముందు రెండు సంగతులు తెలియాలి. ఆ నాలుగో పటంలో ఉన్న అంకెలేమిటి? ఆ పటాన్ని ఆధారం చేసుకుని అధ్యాయంలో మీరు ఏ వాక్యం రాశారు? ఆ వాక్యం చూడకుండా ఇది లేబుల్ సవరణో కాదో చెప్పలేం.

భూజల విద్యార్థిని, హనుమకొండ

సర్, ఒక మండలంలో 12 బోర్ల నీళ్లలో ఫ్లోరైడ్ కొలిచాను. సగటు లీటరుకు 1.4 మిల్లీగ్రాములు, స్టాండర్డ్ డీవియేషన్ 0.6. నా పాత స్క్రిప్టులో ఈ వరుస ఉండిపోయింది:

```
ax.errorbar(x, mean, yerr=sd/np.sqrt(n))
```

అందువల్ల బార్ పొడవు 0.6కు బదులు 0.17 వచ్చింది. అధ్యాయంలో ‘బోర్లలో ఎక్కువ భాగం 1.5 పరిమితికి అటూ ఇటూ స్వల్ప తేడాతోనే ఉన్నాయి’ అని రాశాను. ఆ వాక్యం పట్టికను చూసి కాదు, పటాన్ని చూసి రాసింది.

విశ్రాంత అధ్యాపకుడు, వరంగల్

అసలు విషయం ఆ చివరి వాక్యంలోనే ఉంది. 0.17 బార్‌తో పటం చూసినవాడికి బోర్లన్నీ 1.23కూ 1.57కూ మధ్య సర్దుకున్నట్లు కనిపిస్తుంది. 0.6 బార్ వేస్తే అది 0.8 నుంచి 2.0 దాకా సాగుతుంది. మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500లో ఫ్లోరైడ్‌కు 1.0 మిల్లీగ్రాము అంగీకార పరిమితి, వేరే నీటి వనరు లేనప్పుడు మాత్రమే 1.5 దాకా అనుమతి. అంటే పాత పటం ‘ఊళ్లన్నీ అంచు దగ్గర ఉన్నాయి’ అంటుంటే, కొత్త పటం ‘కొన్ని ఊళ్లు హాయిగా లోపల ఉన్నాయి, కొన్ని బాగా దాటిపోయాయి’ అంటుంది. ఈ రెండు మాటలూ ఒకటి కావు, వాటిని బట్టి ఊళ్లో తీసుకోవాల్సిన చర్యలూ ఒకటి కావు.

కరీంనగర్ మిత్రుడి మాటలో సగం నిజం ఉంది. బోరుకూ బోరుకూ ఎంత తేడా ఉందో చూపాలంటే స్టాండర్డ్ డీవియేషనే కావాలి, ఇక్కడ అదే సరైనది. కానీ రెండు మండలాల సగటులను పోల్చేటప్పుడు, ఆ సగటు మీద మనకు ఎంత నమ్మకం ఉందో చెప్పడానికి స్టాండర్డ్ ఎర్రర్ వాడతారు, దానిని మోసం అనకూడదు. ఏది గీశామో చెప్పకపోవడమే తప్పు. ఉన్నవి పన్నెండు బోర్లే కాబట్టి నేనైతే బార్ పక్కనే పన్నెండు చుక్కలూ పెట్టమంటాను, అప్పుడు ఎవరినీ నమ్మమని అడగాల్సిన పని ఉండదు.

ఇక లేఖ గురించి చెబుతాను. మేడం గుర్తుపెట్టిన మూడు పటాల్లో ఏం మారిందో కూడా రాయండి. అప్పుడు తేడా ఎక్కడుందో చూపించగలను.

భూజల విద్యార్థిని, హనుమకొండ

మొదటిది నీటి మట్టం పటం సర్. నిలువు అక్షం మీద ‘నీటి మట్టం, మీ.’ అని మాత్రమే రాశాను. అవి నేల మీది నుంచి నీటి దాకా ఉన్న లోతులు. అందువల్ల మేలో 11.2, నవంబరులో 4.6 వచ్చి, గీత ఎండాకాలంలో పైకి లేచి, వానల తరువాత కిందికి దిగింది. మేడం దాని పక్కన ‘మేలో నీళ్లు పైకొచ్చాయా?’ అని రాశారు. ఇప్పుడు అక్షాన్ని తిప్పి, లేబుల్ మార్చాను:

```
ax.set_ylabel("Depth to water (m below ground)")
ax.invert_yaxis()
```

రెండో పటంలో నేను వాడిన పొడి అక్షరాలకు వివరం లేదు. మూడోదాన్ని పది అంగుళాల వెడల్పుతో గీసి పేజీలో అయిదున్నర అంగుళాలకు కుదించడం వల్ల పది పాయింట్ల అక్షరం అయిదున్నరకు పడిపోయింది, అందుకే చదవలేకపోయారు. ఇప్పుడు పేజీలో పెట్టే కొలతకే గీశాను.

చరిత్ర పరిశోధకురాలు, ములుగు

నాకూ ఇలాంటి అనుభవమే ఉంది. కాకతీయుల కాలపు చెరువుల మీద నా పటంలో తెలుగు లేబుళ్లు పెడితే ఒత్తులు విడిపోయి, అక్షరాలు పక్కపక్కన పడ్డాయి. రామప్ప, పాకాల, లక్నవరం పేర్లు ఏవో గుర్తుపట్టలేనట్లు తయారయ్యాయి. చివరికి పేర్లను వేరే సాఫ్ట్‌వేర్‌లో రాసి బొమ్మ మీద అతికించాను, ఆ తొందరలో పాకాల పేరు పక్క చెరువు దగ్గర పడింది. మా గైడ్ గారు అది వెంటనే పట్టుకున్నారు. మీరు ఏ ఫాంటు వాడుతున్నారో చెబితే నేను సాయం చేయగలను.

విశ్రాంత అధ్యాపకుడు, వరంగల్

ములుగు సోదరి గారూ, ఈ అమ్మాయి సమస్య ఫాంటు కాదు, అయినా మీ పాకాల సంగతి ఇక్కడ పనికొస్తుంది. ఒత్తులు విడిపోవడం రూపానికి సంబంధించింది. పేరు పక్క చెరువు మీద పడడం మాత్రం విషయానికి సంబంధించింది. మీ గైడ్‌కు రాసిన లేఖలో ఆ రెండూ ఒకే వాక్యంలో ‘లేబుళ్లు సరిచేశాను’ అని ఉండి ఉంటే ఆయనకు రెండోది ఎప్పటికీ తెలిసేది కాదు.

అమ్మా, మీ విషయంలో చిక్కు ఇంకొంచెం లోతుగా ఉంది. పటం 4.1 చూడగానే పూర్తిగా మారిపోయినట్లు ఉంటుంది, గీత తలకిందులైంది, కానీ అందులో ఒక్క అంకె కూడా మారలేదు. పటం 4.4లో కంటికి కనిపించే మార్పు ఒక నిలువు గీత పొడవు మాత్రమే, కానీ దానితో మీ నిర్ధారణే మారిపోయింది. మేడం రెండు ప్రతులనూ పక్కపక్కన పెట్టి చూస్తే కన్ను 4.1 మీద ఆగుతుంది, 4.4ను దాటిపోతుంది. అందుకే లేఖ కంటికి ఎదురు దిశలో పనిచేయాలి. 4.1 దగ్గర ‘కొలతలు మారలేదు, అక్షం దిశ మాత్రమే మారింది’ అని స్పష్టంగా రాయండి. 4.4ను ఆ మూడింటి వెనక నాలుగోదిగా కాకుండా, అన్నిటికంటే ముందు విడిగా పెట్టండి. పటాల సంఖ్యలు మారి ఉంటే పాత సంఖ్యను కూడా రాయండి, లేకపోతే ఆమె పెన్సిల్ గుర్తులు ఏ పటానికి చెందినవో వెతుక్కోవాల్సి వస్తుంది.

కాజీపేట మిత్రుడు చెప్పినట్లు ముందు ఎదురుగా చెప్పడంలో తప్పు లేదు. కానీ అలా చెప్పాక లేఖలో రాయకపోతే, ఆరు నెలల తరువాత ఆ సంభాషణ ఎవరికీ గుర్తుండదు.

భూజల విద్యార్థిని, హనుమకొండ

లేఖ మొదటి భాగం ఇలా రాశాను, దయచేసి చూడండి.

‘గౌరవనీయులైన మేడం గారికి నమస్కారాలు. మీరు గుర్తుపెట్టిన మూడు పటాల సవరణల కంటే ముందు, మీరు అడగని ఒక తప్పును తెలియజేస్తున్నాను. పటం 4.4లో ఎర్రర్ బార్లను స్టాండర్డ్ డీవియేషన్ అని పేర్కొన్నాను, కానీ గీసినవి స్టాండర్డ్ ఎర్రర్, ఇది నా స్క్రిప్టులో జరిగిన పొరపాటు. 12 బోర్ల సగటు 1.4 మారలేదు. బార్ 0.17 నుంచి 0.6కు మారింది, పన్నెండు కొలతలనూ చుక్కలుగా చూపాను. దీనివల్ల ఆ పటం కింది పేరాలో బోర్లు పరిమితికి దగ్గరగా ఉన్నాయన్న వాక్యం నిలబడదు, దానిని తొలగించి పట్టికను బట్టి తిరిగి రాశాను, పాత వాక్యాన్ని కూడా జత చేస్తున్నాను. ఇదే స్క్రిప్టుతో గీసిన మిగతా పటాలను పరిశీలించాను, వాటిలో ఎర్రర్ బార్లు లేవు.

పటం 4.1లో కొలతలేవీ మారలేదు. నేల నుంచి నీటి లోతు అని లేబుల్ మార్చి, లోతు పెరిగే కొద్దీ గీత కిందికి వెళ్లేలా అక్షాన్ని తిప్పాను...’

గణాంకశాస్త్రం బోధించేవాడిని, కరీంనగర్

ఒక్క వాక్యం చాలన్న నా సలహాను వెనక్కి తీసుకుంటున్నాను, పటం కింద వాక్యం ఉందని నేను అడగలేదు. మిగతా పటాలను పరిశీలించానన్న మాట చాలా అవసరం, గైడ్ మనసులో మొదట వచ్చే ప్రశ్న అదే. అయితే పాత వాక్యాన్ని జత చేయడం నాకు అనవసరమనిపిస్తోంది.

విశ్రాంత అధ్యాపకుడు, వరంగల్

నాకు అవసరమనే అనిపిస్తోంది. ఏది తీసేశారో చూడకుండా ఎంత మారిందో ఆమె ఎలా కొలుస్తారు? లేఖ బాగుంది. ఒక్క ప్రశ్న: పటం 4.4 పాత రూపంలో ఎక్కడైనా ముద్రణకు వెళ్లిందా?

భూజల విద్యార్థిని, హనుమకొండ

వెళ్లింది సర్. గత ఏడాది ఒక సదస్సు వ్యాసాల సంపుటిలో అదే పటం, అదే క్యాప్షన్‌తో వచ్చింది. మేడం సహ రచయిత.

కాజీపేట వాసి

అయితే ఆ సంగతి మాత్రం లేఖలో పెట్టకుండా ముందు ఎదురుగానే చెప్పండి. అందులో ఆమె పేరు కూడా ఉంది, సంపాదకులకు సవరణ పంపాలా వద్దా అన్నది మీరు ఒక్కరే నిర్ణయించేది కాదు.

విశ్రాంత అధ్యాపకుడు, వరంగల్

ఈసారి మీ మాటకు ఒప్పుకుంటాను, కానీ లేఖలో ఒక వాక్యమైనా ఉండాలనే నా అభిప్రాయం: ‘ఈ పటం సదస్సు సంపుటిలోనూ ఉంది, దాని గురించి మీతో మాట్లాడాలనుకుంటున్నాను.’ ఏం చేయాలో అందులో రాయనక్కర్లేదు.

భూజల విద్యార్థిని, హనుమకొండ

సోమవారం మేడంను కలుస్తున్నాను. లేఖతో పాటు ఆ సంపుటిని కూడా తీసుకెళ్తాను. ఆ వాక్యం లేఖలో ఉంచాలో లేదో ఇంకా తేల్చుకోలేదు.