అప్‌డేట్: అవార్డు గ్రహీత పరిచయానికి ఒక్క సంఘటన

ఇంతకుముందు ఇక్కడ నేనడిగిన ప్రశ్న: "వార్షిక సభలో మా స్టోర్స్ ఇన్‌చార్జి గారిని 2 నిమిషాల్లో పరిచయం చేయాలి. ఆయన సాధించినవి 11 ఉన్నాయి. ఏవి చెప్పను?"

మీరన్నట్టే ఆ 11 కరపత్రంలో అచ్చయ్యాయి. వేదిక మీద ఒక్క సంఘటనే చెప్పాం. "అందరికీ నమస్కారం" తర్వాత నేరుగా ఇలా: "రిజిస్టర్‌లో 40 బేరింగులు, అరలో 38. లెక్క సర్దేద్దామన్నారు అందరూ. ఆయన మాత్రం నెల రోజుల ఇష్యూ స్లిప్పులు ముందేసుకుని కూర్చున్నారు." రాత్రి షిఫ్టులో తీసుకున్న రెండూ రాయలేదని తేలింది. మర్నాడే స్టోర్ తలుపు పక్కన స్లిప్పుల పుస్తకం, పెన్ను వేలాడాయి.

అవార్డు నమ్మకమైన పనికి కాబట్టి ఈ సంఘటన కుదిరింది. ఇందులో ఆయన తీసుకున్న నిర్ణయం కనబడుతుంది. "నిజాయితీపరుడు" అని విడిగా అనక్కర్లేదు. అలా అంటే పస పోతుంది కూడా.

రాయని ఉద్యోగి ఎవరో తెలిసే వివరాలన్నీ తీసేశాం. వివరాలు ముందే ఇన్‌చార్జి గారితో సరిచూసుకున్నాం, వేదికపై ఆయన చెప్పబోయేది మనమే చెప్పేయకుండా. పేరు చివరి మాటగా పెట్టాం. పేరు వినగానే చప్పట్లు మొదలవుతాయి, ఆ తర్వాత ఏం చెప్పినా వినబడదు.