గ్రాఫ్ షీట్ మూలన రోల్ నంబర్ రాసేశాను, పేపర్ దిద్దుతారా?

నమస్కారమండీ. నిన్నటి ఫిజిక్స్ పరీక్షలో కుంభాకార కటకం కిరణ చిత్రాన్ని హెచ్‌బీ పెన్సిల్‌తో గీసి, పేర్లు నీలం పెన్నుతో రాశాను. రఫ్ వర్క్ చివరి పేజీలో చేసి, పైన ఆ మాట రాసి, అడ్డంగా గీత కొట్టాను. వీటి గురించి భయం లేదు.

టెన్షనంతా గ్రాఫ్ షీట్ గురించే. దిద్దేవారికి అభ్యర్థి ఎవరో తెలియకూడదు కాబట్టి, రోల్ నంబర్ మొదటి పేజీలోని గడిలో తప్ప ఇంకెక్కడా వేయకూడదని సూచనల్లో స్పష్టంగా ఉంది. కానీ షీట్ ఊడిపోతే ఎవరిదో తెలియదేమోనని, దారంతో గట్టిగా కట్టాక కూడా, దాని మూలన నంబర్ రాసేశాను. దీన్ని గుర్తింపు చిహ్నంగా లెక్కేసి పేపర్ మొత్తం పక్కన పెడతారా, లేక ఆ నంబర్ కొట్టేసి దిద్దుతారా? ఇప్పుడే పరీక్షా కేంద్రంలో చెప్పడం మంచిదా? పేపర్లు దిద్దినవారు దయచేసి చెప్పండి. ఎల్లుండి పరీక్షలోనూ గ్రాఫ్ ఉంది.