‘పప్పన్నం ఎప్పుడు?’ అన్నదానికి జవాబు ఎలా రాయాలి

ఎంవీపీ కాలనీ అమ్మాయి: బీచ్ రోడ్డులో పరుగు పందెం పూర్తి చేసిన ఫొటో పెట్టాను. కింద మా పిన్ని ‘అన్నీ బాగున్నాయి గానీ పప్పన్నం ఎప్పుడు పెడతావే’ అని రాసింది. నేను ‘చూద్దాంలే పిన్నీ’ అన్నాను, అంతే, ఇంకో నలుగురు అందుకున్నారు, ఒకాయనైతే ఏకంగా అబ్బాయి వివరాలే పెట్టేశారు. ఆవిడంటే నాకు ప్రేమే. కానీ ఏ ఫొటో పెట్టినా ఇదే ప్రశ్న, చాలా టెన్షన్‌గా ఉంటోంది. నవ్వుతూనే, గట్టిగా తగిలేలా తెలుగులో ఎలా చెప్పాలి?

సీతమ్మధార కుర్రాడు: పెళ్లి భోజనంలో ముందు పప్పే వడ్డిస్తారు కాబట్టి ఆ మాట వచ్చింది. మాట ఉన్నదున్నట్టు తీసుకోండి. ‘ఈ ఆదివారమే రా పిన్నీ, ముద్దపప్పు, ఆవకాయ, నెయ్యి వేసి పెడతా’ అని రాసేయండి.

రిటైర్డ్ తెలుగు మాస్టారు: జవాబు బాగుంది, కారణం సగమే సరి. వడ్డించే వరస ఊరికో రకంగా ఉంటుంది. మా అమ్మమ్మ కాలంలో మన ఉత్తరాంధ్ర పల్లెల్లో రోజూ చోడి అంబలే, వరి అన్నంలో పప్పు కలుపుకోవడమంటే పండగో పెళ్లో అయి ఉండాలి. అందుకే పప్పన్నం అంటే విందు.

ఇక అమ్మాయి అడిగిన సంగతి. చిక్కు ‘చూద్దాం’లో ఉందమ్మా. ఆ ‘ద్దాం’ మనిద్దరం కలిసి చేద్దామనే పిలుపు, అంటే వెతికే పనిలోకి పిన్నిని నువ్వే చేర్చుకున్నావు, ఆ వివరాలు పెట్టినాయన్నీ చేర్చుకున్నావు. ‘త్వరలో’ అన్నా, ‘ఉద్యోగం కుదురుకున్నాక’ అన్నా అంతే, గడువు ఇచ్చినట్టే. ‘ఇప్పుడు మూఢం కదా’ అని సరదాగా తప్పించుకున్నవాళ్లని చూశాను, మూఢం వెళ్లిన మర్నాడే మళ్లీ అడిగారు. ‘నేనే చెప్తాను, అప్పటిదాకా అడక్కు పిన్నీ’ అని రాయి. అందులో కారణం లేదు, తేదీ లేదు, వాదించడానికి పట్టు దొరకదు.

గాజువాక నుంచి: నాది వేరే గొడవండి. నాకు విడాకులయ్యాయి. పుట్టినరోజు ఫొటో పెట్టినా ‘మళ్లీ ఎప్పుడు’ అంటారు. విసిగిపోయి ఒక పెద్దాయన్ని ‘మీ దినం భోజనం ఎప్పుడు’ అని అడిగేశాను. ఆ తర్వాత అందరూ ఆయన్నే ఓదార్చారు, నన్ను అడగడం మాత్రం ఆగలేదు.

మాస్టారు: ఆ జోకు చాలామంది వాడతారు, నాకు ససేమిరా నచ్చదు. చావు మాట రాగానే మీ బాధ పక్కకు పోయి మీ పొగరు ముందుకొస్తుంది. మీ విషయంలో హాస్యమే అక్కర్లేదు, ‘ఈ మాట నాకు కష్టంగా ఉంటుంది, ఇక్కడ అడక్కండి’ అంటే చాలు. పెద్దవాళ్లతో ‘అడగొద్దు’ కన్నా ‘అడక్కండి’ మర్యాదగా ఉంటుంది, గట్టితనమూ తగ్గదు.

పెందుర్తి పెద్దమ్మ: ఏటమ్మా, అడిగితే తప్పేటి? మేం అడక్కపోతే ఎవరడుగుతారు? కల్యాణమొచ్చినా కక్కొచ్చినా ఆగవంటారు కదా.

ఎంవీపీ కాలనీ అమ్మాయి: ఆ సామెతే నాకు పనికొచ్చేలా ఉంది పెద్దమ్మా! వచ్చినప్పుడు ఎలాగూ ఆగదు కదా, మరి ఈలోపు అడగడం ఎందుకు? తప్పని కాదు, మీరు ఫోన్ చేసి అడిగితే నేను మాట్లాడతాను. అందరి ముందూ అడిగితేనే, నేను పరిగెత్తిన సంగతి ఒక్కరూ మాట్లాడరు.

సీతమ్మధార కుర్రాడు: ‘అది మా ఇంట్లో మేం చూసుకుంటాం’ అంటే? ‘మేం’ అనగానే బయటివాళ్లు బయటే ఉంటారు.

మాస్టారు: ఆ వివరాలు పెట్టినాయనకి సరిగ్గా సరిపోతుంది. పిన్నికి వద్దు, ‘నేను పరాయిదాన్నా’ అని ఏడుస్తుంది. ఆవిడకి మొదటిసారి ముద్దపప్పు జవాబు రాయి, నవ్వుకుంటుంది. రెండోసారి ‘నేనే చెప్తాను, అడక్కు పిన్నీ’. మూడోసారీ అక్షరం మార్చకుండా అదే. మాటలు మార్చావంటే కొత్త మాట మీద కొత్త వాదన మొదలవుతుంది. అప్పటికీ ఆగకపోతే, ‘ఇకమీదట ఈ ప్రశ్న తీసేస్తాను, కోపం పెట్టుకోకు’ అని ముందే చెప్పి, చెప్పినట్టే తీసేయి. చెప్పకుండా తీస్తే ఆ కబురు చుట్టాలందరికీ వేరేలా వెళ్తుంది.

గాజువాక నుంచి: మరి ఆదివారం రమ్మంటే ఆవిడ నిజంగానే వచ్చేస్తే?

ఎంవీపీ కాలనీ అమ్మాయి: వస్తానని ఇప్పుడే రాసిందండి. అబ్బాయి ఫొటో కూడా తెస్తుందట.

మాస్టారు: పప్పు మాత్రం పెట్టమ్మా. ఆ అబ్బాయి ఫొటో బయటికి తీయబోతే అప్పుడు కూడా ఆ రెండో వాక్యమే.

పెందుర్తి పెద్దమ్మ: ఫొటో చూస్తే పోయేదేటి?