ఒకే సిరంజ్ పంపు, నాలుగు ఘటనలు: రిపోర్టు ఒకటా, నాలుగా?

నీలాంబరి: మా ఐసీయూలో ఒకే సిరంజ్ పంపుతో నెలలో నాలుగు ఘటనలు. మూడుసార్లు బీపీ నిలబెట్టే నార్ఎడ్రినలిన్ నడుస్తుండగా బీపీ పడిపోయింది, ఒకసారి ఇన్సులిన్ మధ్యలో ఆగింది. నాలుగు ఫారాలు పెట్టాలా, కలిపి ఒకటే రాయొచ్చా?

దస్త్రం: నాలుగే. వైద్య పరికరాలతో జరిగే ఘటనలు తెలిపే మెటీరియోవిజిలెన్స్ ఫారంలో రోగి వివరాలకు ఒకరికే చోటుంది. కలిపితే లెక్కలో ఒక్క ఘటనే కనిపిస్తుంది. ఒకరికి హాని జరిగి, ఇంకొకరికి జరగకపోతే తీవ్రత దగ్గర ఏం రాస్తారు?

మరమేకు: ఫారాల సంగతి తర్వాత. నీలాంబరి గారూ, బీపీ పడినప్పుడు సిరంజిలో ఎంత మందు మిగిలి ఉంది? తెర మీద అంకె వద్దు, సిరంజి గీతల మీద చూసి రాసుకున్నది కావాలి.

నీలాంబరి: మూడూ 50 మి.లీ. సిరంజిలే. రేట్లు గంటకు 5, 2, 8.5 మి.లీ. ఆగినవి మొదలెట్టిన దాదాపు మూడున్నర, ఎనిమిదిన్నర, రెండు గంటలకు. మిగిలింది 33, 33, 34. ఇన్సులిన్ మాత్రం 12 దగ్గర.

మరమేకు: గడియారం చూస్తే మూడింటికీ పొంతన లేదు. మి.లీ.లు చూడండి, మూడూ దాదాపు 17 వెళ్లాక ఆగాయి. అంటే ప్లంజర్‌ను తోసే బండి ఒకేచోట జారుతోంది. బండిని నడిపే లీడ్ స్క్రూ ఆ భాగంలో అరిగినా, దాన్ని పట్టుకునే హాఫ్ నట్ వదులైనా ఇలాగే అవుతుంది. మోటారు చుట్లు మాత్రమే లెక్కపెట్టే పంపు అయితే స్క్రూ తిరుగుతోంది కాబట్టి మందు వెళ్తోందనే అనుకుంటుంది, అలారం మోగదు. గంటకు 5 మి.లీ. రేటు మీద 3 మి.లీ. వెళ్లకపోతే 36 నిమిషాలు మందు లేనట్టే.
విడివిడి ఫారాల్లో ఇది దొరకదు. ఒకదాంట్లో ‘లైను మడత’, ఇంకోదాంట్లో ‘రోగి పరిస్థితి విషమం’, మూడోదాంట్లో ‘రేటు తప్పు’ అని ఉంటుంది.

దస్త్రం: ఫారంలో సీరియల్ నంబరు ఉంటుంది కదా. ఈ ఫారాలు చేరే ఘాజియాబాద్ జాతీయ కేంద్రంలో చూసేవాళ్లు కలుపుకుంటారు.

మరమేకు: నంబరు కలుస్తుంది సరే, 33 మి.లీ. ఏ గడిలో ఉందండీ?

వెంకట్‌మెడ్: మా దగ్గరా పంపు ఆగేది, బ్యాటరీ మార్చాం, సరిపోయింది.

మరమేకు: బ్యాటరీ అయితే అలారం మోగి ఉండాలి. మీ కేసు ఇన్సులిన్ ఘటనకు సరిపోవచ్చు. నీలాంబరి గారూ, ఆ సమయానికి లాగ్‌లో ఏముంది?

నీలాంబరి: కరెంటు పోయినట్టు, తర్వాత బ్యాటరీ తక్కువ అలారం ఉన్నట్టు ఉంది.

దస్త్రం: చూశారా! నాలుగోది వేరే. కలిపి రాసుంటే అదీ స్క్రూ ఖాతాలో పడేది.

మరమేకు: కలపడమంటే ఒకే ముద్ద చేయడం కాదు. నాలుగు వరుసల పట్టిక. రేటు, సిరంజి కంపెనీ, ఆగినప్పుడు గీత, తెర మీద అంకె, అలారం, రోగికి ఏమైంది. నాలుగోది ‘సరిపోలేదు’ అని అందులోనే ఉంచాలి. తీసేస్తే మిగతా మూడింటినీ నమ్మరు. ప్రతి ఫారంలో మిగతా మూడింటి నంబర్లు రాసి పట్టిక జతచేయండి.

చార్ట్_సిస్టర్: గీత చూసి రాయడం మా దగ్గర అరుదు సార్. ప్రతి గంటా తెర మీద అంకె చూసే చార్టు నింపుతారు. అది ఎప్పుడూ సరిగ్గానే కనిపిస్తుంది.

దస్త్రం: పట్టిక బాగానే ఉంది. అందులో తేదీలు కూడా ఉంటాయి కదా? మొదటి ఘటన తర్వాత ఆ పంపును మళ్లీ వార్డులోకి ఎవరు పంపారని అడిగితే సంతకం ఎవరిది? విడివిడిగా ఉంటే ఆ ప్రశ్నే రాదు.

మరమేకు: అదీ విషయం! ఇంతసేపూ గడుల గురించి వాదించారు.

దస్త్రం: వెటకారం వద్దు. ఆ సంతకం పెట్టేది సిస్టర్లే, మీరు కాదు.

చార్ట్_సిస్టర్: సంతకం మాదే, నిజమే. అందుకే పట్టిక కావాలి. ‘రేటు తప్పు’ అన్న ఫారం ఒక్కటే ఉంటే తప్పు మా మీదే నిలుస్తుంది.

నీలాంబరి: పంపు పక్కన పెట్టించాను. రేపు కంపెనీ మనిషి వస్తున్నాడు, స్క్రూ మార్చేస్తానంటున్నాడు.

మరమేకు: ముందు మార్చనివ్వకండి. స్విచ్ వేయకముందే తెర, సిరంజి చోటు, సీరియల్ నంబరు ఫోటోలు. తర్వాత లాగ్ దింపించండి, కొన్ని పంపుల్లో కొత్త ఘటనలు పాతవాటి మీద పడతాయి. ఆపై 50 మి.లీ. నీళ్లు పోసి, గంటకు 20 మి.లీ. రేటుతో, గొట్టం చివర గ్లాసు తూకం మీద పెట్టి చూడండి. ఒక గ్రాము దాదాపు ఒక మి.లీ. సిరంజి గీత 33 దగ్గర ఉండగా తూకం పెరగడం ఆగితే వీడియో తీయండి. ఒక్కసారి ఆగకపోతే పంపు బాగుందని కాదు, ఐదారుసార్లు చేయాలి. తీసిన స్క్రూ, నట్ మీ దగ్గరే ఉంచుకోండి.

దస్త్రం: కంపెనీ పాత భాగాలు వదలదు. ఒప్పందంలో ఉంటుంది, చదివి చెప్పండి.